ఫ్లెమింగో ఒంటికాలి మీద ఎందుకు నిలబడుతుంది? తిరకాసు ఆ ప్రశ్నలోనే ఉంది

చలికాలం వచ్చి, పులికాట్‌లో ఫ్లెమింగోలు దిగాయని పేపర్లో ఫొటో పడిందంటే చాలు, వెనకాలే వాట్సాప్‌లో ఒక ఫార్వర్డ్ బయల్దేరుతుంది. "ఫ్లెమింగో ఒంటికాలి మీద ఎందుకు నిలబడుతుందో మీకు తెలుసా?" అని మొదలవుతుంది. జవాబు మాత్రం ఒక్కో ఫార్వర్డ్‌లో ఒక్కోటి. చలికి అంటాడొకడు, కాలికి రెస్ట్ ఇవ్వడానికి అంటాడు ఇంకొకడు, ఈ మధ్య ఎక్కువగా తిరుగుతున్నదేమో "అమెరికా సైంటిస్టులు చచ్చిపోయిన ఫ్లెమింగోని నిలబెట్టి రహస్యం తేల్చేశారు" అన్నది. ఈ చివరిది చదివి మా బంధువుల గ్రూపులో ఒకాయన "హమ్మయ్య, తేలిపోయింది కదా" అని పెట్టాడు. తేలలేదు బాబాయ్. తేలింది ఒకటి, మనం అనుకుంటున్నది ఇంకొకటి. ఆ తేడా ఏంటో చెప్పడానికే ఇంత పొడుగు పోస్టు.

ముందు మన బుర్రలో ఉన్న ఒక నమ్మకాన్ని బయటికి తీయాలి. ఒంటికాలి మీద నిలబడటమంటే మనకి తపస్సు. పురాణాల్లో రాక్షసుడైనా రుషైనా వరం కావాలంటే ఒంటికాలి మీద నిలబడాల్సిందే, చివరికి దొంగవేషాన్ని ఎగతాళి చేయాలన్నా కొంగజపం అంటాం. అంటే అది కష్టమైన పని అని, కష్టానికి ఓర్చుకుని మరీ చేస్తున్నారంటే దాని వెనక ఏదో గట్టి కారణం ఉండాలని ముందే తీర్మానించేసుకున్నాం. ఫ్లెమింగోని చూసినప్పుడు కూడా ఇదే లెక్క. "పాపం గంటలు గంటలు ఒంటికాలి మీద నిలబడుతోంది, ఎందుకబ్బా?" అని అడుగుతాం. ఆ "పాపం" మనది. పక్షికి అది కష్టమో కాదో ఎవరూ అడగలేదు, చాలా ఏళ్లు శాస్త్రవేత్తలు కూడా అడగలేదు.

ఇంకో సంగతి, ఫ్లెమింగో కాలు. అది వెనక్కి వంగుతుందని, మోకాలు తిరగబడి ఉందని చాలామంది అనుకుంటారు. కాలి మధ్యలో బుడిపెలా కనిపించేది మోకాలు కాదు, చీలమండ. అసలు మోకాలు పైన, పొట్ట పక్కన ఈకల్లో దాక్కుని ఉంటుంది. తొడ ఎముక పొట్టిగా, దాదాపు అడ్డంగా ముందుకి వాలి ఉంటుంది కాబట్టి బయటికి కనపడదు. మనకి కనిపించే ఆ సన్నని పొడుగాటి కాలంతా మోకాలి కింద భాగమే, అందులోనూ సగం మన లెక్కలో పాదం కిందికి వస్తుంది. ఈ మాట గుర్తుంచుకుంటే తర్వాత వచ్చే కథ సులువుగా అర్థమవుతుంది, ఎందుకంటే అసలు కిటుకు కనపడే చోట లేదు, ఈకల కింద ఉంది.

ఇప్పుడు మొదటి వాదన. ఫిలడెల్ఫియాలోని సెయింట్ జోసెఫ్స్ యూనివర్సిటీలో మాథ్యూ ఆండర్సన్, సారా విలియమ్స్ అని ఇద్దరు, ఆ ఊరి జూలో ఉన్న కరీబియన్ ఫ్లెమింగోలను గమనించి 2009లో ఒక పేపర్ వేశారు. ఆండర్సన్ చదువు మనస్తత్వ శాస్త్రం. ఫ్లెమింగోలు నిద్రపోయేటప్పుడు మెడ కుడివైపు తిప్పుతాయా ఎడమవైపా అన్న సంగతి మీద అంతకుముందే పనిచేశాడు. కాళ్ల దగ్గరకి వచ్చేసరికి వాళ్లు రెండు మాటలు పరీక్షకి పెట్టారు. ఒకటి, కండరాల అలసట. ఒక కాలికి విశ్రాంతి ఇస్తే పక్షి తాజాగా ఉంటుంది, ప్రమాదం వస్తే చటుక్కున కదలగలదు అని ఒక ఊహ ఉండేది. అది నిజమైతే ఒంటికాలి మీద విశ్రాంతి తీసుకున్న పక్షి రెండు కాళ్ల మీద ఉన్న పక్షి కంటే తొందరగా అడుగు వేయాలి. కొలిచి చూస్తే ఉల్టా వచ్చింది. ఒంటికాలి పక్షికే కదలడానికి ఎక్కువ టైమ్ పట్టింది.

రెండోది, వేడి. పక్షి ఒంట్లో ఉష్ణోగ్రత సుమారు 40 డిగ్రీలు. ఒళ్లంతా ఈకల దుప్పటి, కాళ్లకి మాత్రం ఏమీ లేదు, పైగా అవి రోజంతా నీళ్లలో. నీరు గాలికంటే దాదాపు 25 రెట్లు ఎక్కువగా వేడిని లాగేస్తుంది కాబట్టి, నీళ్లలో ఉన్న ప్రతి కాలూ వేడి పోయే దారే. ఒక కాలు పైకి లాగి పొట్ట కింద ఈకల్లో దాచుకుంటే ఆ దారి సగం మూసుకుంటుంది. ఈ ఊహ నిజమైతే రెండు సంగతులు కనపడాలి. చలి పెరిగేకొద్దీ ఒంటికాలి పక్షులు పెరగాలి, నేల మీద కంటే నీళ్లలో ఎక్కువ ఉండాలి. రెండూ కనపడ్డాయి. ఎండ పెరిగితే ఒంటికాలి మీద ఉండే పక్షుల శాతం తగ్గింది, నీళ్లలో ఉన్నవి నేల మీద ఉన్నవాటికంటే ఎక్కువగా కాలు ఎత్తుకున్నాయి. మందలో మొత్తమ్మీద కుడికాలు ఎడమకాలు అన్న పక్షపాతమేమీ లేదు. ఇది కూడా వేడి వాదనకే సరిపోతుంది, ఒక కాలు మరీ చల్లబడకుండా మార్చుకుంటూ ఉండాలి కదా.

నాకు ఈ పేపర్ ఇష్టం. కెమెరా కూడా అక్కర్లేని పని, ఓపిగ్గా నిలబడి లెక్కపెట్టడం, అంతే. "ఇది నిజమైతే ఫలానాది కనపడాలి" అని ముందే చెప్పి, తర్వాత చూశారు. కానీ అలసట వాదనని కొట్టేసిన పద్ధతి మీద నాకు అనుమానం ఉంది. కదలడానికి టైమ్ పట్టిందంటే కాలు అలిసి ఉందనా, ఆ పక్షి గాఢంగా నిద్రపోతోందనా? ఒంటికాలి మీద ఉన్నవి ఎక్కువగా నిద్రలో ఉన్నవే అయితే, లేచి, దించి, అడుగు వేయడానికి ఆలస్యం అవుతుంది. మనల్ని అర్ధరాత్రి లేపి పరుగెత్తమంటే మనమూ అంతే. కాబట్టి ఆ కొలత "తొందరగా పారిపోవడానికి" అన్న ఊహని నిజంగానే చంపింది, కానీ "శ్రమ తగ్గుతుంది" అన్న ఊహని తాకలేదు. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లే తర్వాత గొడవ ముదిరింది.

వేడి వాదనకి కూడా ఒక చిక్కుంది. ఎండ పెరిగినప్పుడు మారేది ఉష్ణోగ్రత ఒక్కటే కాదు. పొద్దు ఎక్కుతుంది, జూలో మేత వేసే టైమ్ వస్తుంది, జనం వస్తారు, పక్షులు మెలకువగా ఉంటాయి. మెలకువగా ఉన్న పక్షి ఎలాగూ రెండు కాళ్ల మీదే ఉంటుంది. అందుకే విశ్రాంతిలో ఉన్నవాటిని మాత్రమే లెక్కలోకి తీసుకోవాలి, వాళ్లు తీసుకున్నారు. అయినా కునుకుపాటుకీ గాఢనిద్రకీ మధ్య గీత బయటినుంచి చూసి గీయడం అంత తేలిక కాదు.

ఇక రెండో వాదన, ఫార్వర్డ్‌లో తిరిగే చచ్చిపోయిన ఫ్లెమింగో కథ. ఇది 2017లో బయాలజీ లెటర్స్ అనే పత్రికలో వచ్చింది. చేసింది అట్లాంటాలో, జార్జియా టెక్‌లో పనిచేసే యంగ్-హుయ్ చాంగ్, ఎమరీ యూనివర్సిటీలో కూడా పనిచేసే లీనా టింగ్. ఇద్దరూ పక్షి ప్రేమికులుగా ఇందులోకి దిగలేదు. మనుషులూ జంతువులూ పడిపోకుండా ఎలా నిలబడతాయి, నడుస్తాయి అన్నది వాళ్ల వృత్తి. వాళ్లు అడిగిన ప్రశ్నే వేరు: ఒంటికాలి మీద నిలబడటానికి ఈ పక్షి ఎంత కష్టపడుతోంది?

మొదట అట్లాంటా జూలో చిన్న వయసు చిలీ ఫ్లెమింగోలను ఒక్కోదాన్నే ఫోర్స్ ప్లేట్ మీద నిలబెట్టారు. అది బరువు తూచే పలకలాంటిదే, కాకపోతే బరువు ఎంత అన్నదే కాదు, పాదం కింద ఏ బిందువు దగ్గర ఒత్తిడి పడుతోంది, అది ఎంత వేగంగా అటూ ఇటూ జరుగుతోంది అన్నది కూడా చెబుతుంది. ఎవరైనా నిలబడి ఉంటే ఆ బిందువు కొద్దికొద్దిగా కదులుతూనే ఉంటుంది, శరీరం ఊగుతుంటే కండరాలు సర్దుతూ ఉంటాయి కాబట్టి. పక్షి ఈకలు సర్దుకుంటూ అటూ ఇటూ చూస్తూ ఉన్నప్పుడు ఆ బిందువు బాగానే తిరిగింది. కళ్లు మూసుకుని నిద్రలోకి జారగానే ఆ ఊగుడు బాగా తగ్గిపోయింది. ఇక్కడ ఆగి ఆలోచించండి. మీరు ఇప్పుడే లేచి ఒంటికాలి మీద నిలబడి కళ్లు మూసుకుని చూడండి (పక్కన గోడ ఉండేలా చూసుకోండి, తర్వాత నన్ను అనొద్దు). కళ్లు మూయగానే ఊగుడు పెరుగుతుంది, కాసేపటికి రెండో కాలు నేలకి ఆనుతుంది. పక్షికి సరిగ్గా తలకిందులు. మెదడు పట్టించుకోవడం మానేసినకొద్దీ అది మరింత కదలకుండా ఉంది. అంటే నిలబెడుతున్నది మెదడు చేసే సర్దుబాటు కాకపోవచ్చు.

అక్కడినుంచి వాళ్లు చచ్చిపోయిన పక్షుల దగ్గరికి వెళ్లారు. ఇంకో జూ నుంచి వచ్చిన ఫ్లెమింగో కళేబరాలు. ముందు వాళ్లకి ఉన్న అనుమానం తాళం. గుర్రం నిలబడి నిద్రపోతుంది కదా, దాని మోకాలి దగ్గర ఎముకకి స్నాయువు తగులుకునే ఏర్పాటు ఒకటి ఉంటుంది, అలాంటిదే ఇక్కడా ఉంటుందనుకున్నారు. కోసి చూస్తే తాళమేమీ దొరకలేదు. వెల్లకిలా పడుకోబెట్టి కదిపితే కీళ్లు మామూలుగానే వదులుగా వంగుతున్నాయి. అప్పుడు కళేబరాన్ని కాలు కింది భాగం పట్టుకుని నిటారుగా, బతికున్న పక్షి ఒంటికాలి మీద నిలబడే భంగిమలో పైకెత్తారు. ఒళ్లంతా వచ్చి తనంతట తానే ఆ భంగిమలో కుదురుకుని నిలిచిపోయింది. మోకాలు వంగలేదు, తుంటి కూలలేదు. ఏ కండరమూ పనిచేయని పక్షి అది.

ఎలా? గోడకి వాల్చిన నిచ్చెన ఎలా నిలబడుతుందో దాదాపు అలా. నిచ్చెనని పట్టుకునేవాళ్లు అక్కర్లేదు, సరైన వాలులో పెడితే దాని బరువే దాన్ని గోడకి అదిమి ఉంచుతుంది. ఫ్లెమింగో శరీరపు బరువు కేంద్రం ఈకల్లో దాక్కున్న ఆ అసలు మోకాలికి కాస్త ముందు పడుతుంది. ఆ బరువు మోకాలినీ తుంటినీ ఇంక కదలలేని చోటుదాకా నెట్టి అక్కడే పట్టి ఉంచుతుంది. ఇంకో షరతు కూడా ఉంది, కాలు లోపలికి వాలాలి. ఒంటికాలి మీద ఉన్న ఫ్లెమింగోని ముందునుంచి చూస్తే ఆ కాలు తుంటి కింద నిలువుగా ఉండదు, పాదం ఒంటి మధ్యగీత కిందికి వచ్చేలా ఏటవాలుగా దిగుతుంది. చాంగ్, టింగ్ కళేబరం కాలిని రెండు కాళ్ల మీద నిలబడినప్పుడు ఉండే విధంగా నిలువుగా సర్దితే ఆ కుదురు పోయింది. నిచ్చెనని నిట్టనిలువుగా పెట్టినట్టే.

నా దృష్టిలో ఆ పేపర్లో అసలైన బాంబు ఇదే, ఫార్వర్డ్‌లు దీన్ని వదిలేస్తాయి. చచ్చిన పక్షి ఒంటికాలి మీద నిలబడుతుంది అన్నది సగం వార్త. రెండు కాళ్ల భంగిమలో నిలబడదు అన్నది మిగతా సగం. అంటే నిద్రపోయే ఫ్లెమింగోకి కష్టమైనది రెండు కాళ్ల మీద నిలబడటమే కావచ్చు. తపస్సు చేస్తున్నది రెండు కాళ్ల పక్షి, హాయిగా ఉన్నది ఒంటికాలి పక్షి. మన "పాపం" తప్పు అడ్రసుకి పోతోంది.

సరే, అయితే కేసు క్లోజా? మా బాబాయి లాంటివాళ్లు ఇక్కడే జారిపోతారు. "శ్రమ లేకుండా నిలబడగలదు" అన్నది "ఎలా"కి జవాబు. "ఎందుకు"కి కాదు. నాకు నేల మీద పడుకోవడం ఇంకా సులువు, అయినా నేను మంచం మీద పడుకుంటాను, చలీ పురుగూ పుట్రా ఉన్నాయని. సులువైనంత మాత్రాన అదే కారణం అయిపోదు. పైగా ఆ పేపర్ పేరులో ఉన్న మాటని జాగ్రత్తగా చదవాలి: కండరాల బలం పెద్దగా లేకుండా నిలబడగలవనడానికి యాంత్రికమైన రుజువు. నిలబడగలవు అన్నారు, అలాగే నిలబడుతున్నాయి అనలేదు. బతికున్న పక్షి కాలి కండరాల్లో విద్యుత్తు ఎంత నడుస్తోందో వాళ్లు కొలవలేదు. పక్షి ఎంత ఆక్సిజన్ ఖర్చుపెడుతోందో కొలవలేదు. ఊగుడు తగ్గింది కాబట్టి, కళేబరం నిలబడింది కాబట్టి, కండరాలు తక్కువ పనిచేస్తున్నాయని ఊహించారు. మంచి ఊహే, నేను నమ్ముతాను కూడా. కానీ ఊహ.

ఇంకో గట్టి అభ్యంతరం మన పెరట్లోనే ఉంది. ఒంటికాలి మీద నిలబడేది ఫ్లెమింగో ఒక్కటేనా? బాతులు నిలబడతాయి, కొంగలు, నత్తగుల్ల కొంగలు, సముద్రపు కాకులు నిలబడతాయి, చలికాలం పొద్దున్నే పెరట్లో కోడి కూడా ఒక కాలు ఈకల్లోకి లాక్కుని ముడుచుకుని ఉంటుంది. బాతు కాలు ఎంత, ఫ్లెమింగో కాలు ఎంత? ఫ్లెమింగో శరీర నిర్మాణానికే ప్రత్యేకమైన ఏర్పాటుతో ఈ అలవాటుకి కారణం చెబితే, ఆ నిర్మాణం లేని పొట్టికాళ్ల బాతు ఏం చేస్తున్నట్టు? వీటన్నిటికీ ఉమ్మడిగా ఉన్నది ఈకల్లేని కాళ్లు, వేడి ఒళ్లు. అందుకే అలవాటు ఎందుకు పుట్టిందని అడిగితే నా ఓటు వేడి పొదుపుకే. ఆ అలవాటుని గంటల తరబడి, అదీ నిద్రలో, మూరల పొడుగు కాలి మీద నిలబెట్టుకోగలగడం ఎలా సాధ్యమైందంటే అప్పుడు చాంగ్, టింగ్ చెప్పిన యంత్రాంగం. ఒకటి ఇంకోదాన్ని ఓడించలేదు, అసలు ఒకే ప్రశ్నకి పోటీపడనేలేదు. పేపర్లవాళ్లు, యూట్యూబ్ వాళ్లు వాటిని ఒకే బరిలోకి దింపి కుస్తీ పెట్టించారు.

ఇక్కడ పులికాట్ చూసినవాళ్లు నన్ను పట్టుకుంటారని తెలుసు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు సరస్సు మధ్యలోంచే పోతుంది, రెండువైపులా ఫ్లెమింగోలు. జనవరి మధ్యాహ్నం అక్కడ మనకి చెమట పడుతుంటుంది, అవి మాత్రం ఒంటికాలి మీదే నిలబడి కునుకు తీస్తుంటాయి. "ఏది నీ చలి?" అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే, దీనికి జవాబు రెండు ముక్కలు.

మొదటి ముక్క, చలి మన ఒంటితో కొలవకూడదు. నీళ్లు 25 డిగ్రీలు ఉన్నాయనుకుందాం. మనకి అవి హాయిగా ఉంటాయి, కానీ గంటసేపు అందులో కూర్చుంటే మనకీ వణుకొస్తుంది. 40 డిగ్రీల పక్షికి ఆ నీళ్లు 15 డిగ్రీలు చల్లన, రాత్రీ పగలూ కాళ్లు అందులోనే. వేడి పోతూనే ఉంటుంది, తక్కువగా పోతుంది, అంతే.

రెండో ముక్క వేడి వాదనకి ఇబ్బందికరమైనది. నా ఓటు అటే అయినా దాచను. పక్షి కాళ్లలో ప్రకృతి ముందే ఒక ఏర్పాటు చేసిపెట్టింది. కిందికి దిగే వేడి రక్తం నాళాలూ, పైకి వచ్చే చల్లటి రక్తం నాళాలూ కాలి పైభాగంలో ఒకదానికొకటి ఆనుకుని అల్లుకుని ఉంటాయి. దిగే రక్తం తన వేడిని ఎక్కే రక్తానికి దారిలోనే అప్పజెప్పేస్తుంది, పాదం దగ్గరికి చేరేసరికి అది దాదాపు నీళ్ల చల్లదనానికి వచ్చేస్తుంది. పాదమూ నీళ్లూ ఒకే ఉష్ణోగ్రతలో ఉంటే ఇంక పోయే వేడెంత? కొంచెమే. అంటే ఒక కాలు ఎత్తినంత మాత్రాన మిగిలేది మనం ఊహించినంత ఉండకపోవచ్చు. దీనికి వేడి వాదులు చెప్పే సమాధానం ఏమిటంటే, రక్తం అలా బిగబట్టి పంపడానికీ ఒక హద్దుంది, పాదంలో కణాలు బతకాలంటే కాస్తయినా వెచ్చటి రక్తం పోవాలి, మరీ గడ్డకట్టే చలిలో ఇంకా ఎక్కువ పోవాలి. చలి ఈ పక్షికి ఎంత ప్రమాదమో ఫ్రాన్స్ దక్షిణాన కామార్గ్‌లో చూశారు. 1985 జనవరిలో అక్కడ సరస్సులు గడ్డకట్టి వేల సంఖ్యలో గ్రేటర్ ఫ్లెమింగోలు చచ్చిపోయాయి. మన పులికాట్‌కి వచ్చేదీ అదే జాతి. సరే, కామార్గ్‌లో కాలు ఎత్తుకోవడం వేడి కోసమే అనుకుందాం. పులికాట్ మధ్యాహ్నానికి అదే కారణం సరిపోతుందా? నాకైతే సరిపోదనిపిస్తుంది. పులికాట్ మధ్యాహ్నపు కునుకుని శ్రమ తక్కువ అన్న వాదనే బాగా వివరిస్తుంది. వేడి కోసం పుట్టిన అలవాటు, వేడి అవసరం లేని చోట కూడా సుఖం కోసం కొనసాగుతోందని నా అభిప్రాయం.

మిగతా వివరణల గురించి ఎక్కువ చెప్పను. కాలు ఎప్పుడూ నీళ్లలో నానితే చర్మం పాడవుతుంది, ఫంగస్, పురుగులు పడతాయి, అందుకే ఆరబెట్టుకుంటుంది అంటారు. అయితే నేల మీద నిలబడినప్పుడు ఎత్తకూడదు, కానీ ఎత్తుతుంది. చేపలకి, శత్రువులకి ఒంటికాలు రెల్లుపుల్లలా కనిపిస్తుందనేది ఇంకోటి. గులాబీ రంగులో మెరిసిపోతూ, వేలమంది గుంపుగా, కిలోమీటరు దూరానికి కనపడుతూ దాక్కోవడం ఏమిటో నాకర్థం కాదు, పైగా ఫ్లెమింగో చేపలు పట్టదు, బురద నీళ్లని వడగట్టి తింటుంది. మెదడులో ఒక సగం నిద్రపోతే ఒక కాలు ఎత్తుతుందన్నది వినడానికి బాగుంది. బాతుల్లో ఒక కన్ను తెరిచి సగం మెదడుతో నిద్రపోవడం నిజమే, కానీ దాన్ని తెచ్చి కాలికి కట్టేసినవాళ్లు రుజువు తేలేదు. అంత పొడుగు కాలినుంచి రక్తం పైకి తోడటం గుండెకి భారమని, ఒకటి ఎత్తితే తేలికని అనేవాళ్లూ ఉన్నారు. అయితే జిరాఫీ ఏం చేస్తున్నట్టు?

పులికాట్ వెళ్లేవాళ్లు ఊరికే ఫొటోలు తీసుకుని రాకుండా దీన్ని కొంత పరీక్షించొచ్చు. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోవాలి. తల నీళ్లలో ముంచి మేస్తున్న పక్షుల్ని లెక్కలోకి తీసుకోకూడదు, అవి నడుస్తూ బురద తొక్కుతుంటాయి, రెండు కాళ్లూ కావాలి. వాటిని కలిపితే మధ్యాహ్నం ఒంటికాలి శాతం పడిపోయినట్టు కనిపిస్తుంది, అది ఎండ వల్ల కాదు, మేత వల్ల. మెడ వెనక్కి తిప్పి ముక్కు ఈకల్లో దూర్చినవాటినే లెక్కపెట్టాలి. అందులో నీళ్లలో ఎన్ని, గట్టు మీద బురదలో ఎన్ని, పొద్దున ఆరింటికి ఎన్ని, మధ్యాహ్నం ఒంటిగంటకి ఎన్ని. గాలి ఎటునుంచి ఎంత వీస్తోందో కూడా రాసుకోవాలి, గట్టి గాలిలో పొద్దున కంటే మధ్యాహ్నమే ఎక్కువ చల్లబడొచ్చు. ఇంకో తలనొప్పి, ఒకే గుంపులో వంద పక్షులుంటే అవి వంద వేర్వేరు సాక్ష్యాలు కావు. పక్కది కాలు ఎత్తితే ఇదీ ఎత్తుతుందేమో, అందరికీ ఒకే గాలి, ఒకే నీరు. గుంపుకి ఒక లెక్క అనుకుని, వేర్వేరు రోజులు, వేర్వేరు గుంపులు చూడాలి. బైనాక్యులర్స్ సరిపోవు, ఆ దూరానికి స్పాటింగ్ స్కోప్ కావాలి. ఎండ ఎక్కాక నీళ్ల మీదనుంచి లేచే సెగకి కాళ్లు అలలు అలలుగా కదులుతూ ఒకటో రెండో తెలియదు, మధ్యాహ్నం లెక్కలు చెడిపోయేది ఎక్కువగా అక్కడే.

ఏం రావాలి? వేడి ఒక్కటే కారణమైతే మధ్యాహ్నం గట్టు మీద నిద్రపోయే పక్షులు చాలావరకు రెండు కాళ్ల మీద ఉండాలి. శ్రమ ఒక్కటే కారణమైతే పొద్దునకీ మధ్యాహ్నానికీ, నీటికీ గట్టుకీ తేడానే ఉండకూడదు, నిద్రపోతోందా లేదా అన్నదొక్కటే లెక్క. నేను చూసినంతలో రెండూ సగం సగం. పొద్దున నీళ్లలో ఒంటికాళ్లు బాగా ఎక్కువ, కానీ మధ్యాహ్నం గట్టు మీద కూడా బోలెడు. ఇది శాస్త్రం కాదు, రోడ్డు పక్కన నిలబడి చూసినవాడి మాట.

అసలు తేల్చేది మాత్రం రోడ్డు పక్కన జరగదు. నిద్రపోతున్న పక్షి పీల్చే ఆక్సిజన్‌ని కొలవాలి, ఒంటికాలి మీద ఒకసారి, రెండు కాళ్ల మీద ఒకసారి, అదీ చల్లటి నీళ్లలోనూ, దాని ఒంటి వేడికి దగ్గరగా ఉన్న వెచ్చటి నీళ్లలోనూ. వెచ్చటి నీళ్లలో కూడా ఒంటికాలికి ఖర్చు తక్కువొస్తే అది కండరాల పొదుపు, ఎందుకంటే అక్కడ కాపాడుకోవాల్సిన వేడి లేదు. తేడా చల్లటి నీళ్లలోనే కనపడి వెచ్చటి నీళ్లలో మాయమైతే అది వేడి పొదుపు. రెండు చోట్లా కనపడి చల్లటి నీళ్లలో ఇంకా పెరిగితే, నేను పైన వాదించింది. చిక్కల్లా రెండు కాళ్ల మీద నిద్రపొమ్మని ఫ్లెమింగోకి చెప్పడం ఎలా అన్నదే. చాంగ్, టింగ్ కళేబరం చెప్పింది నిజమైతే ఆ భంగిమలో దానికి నిద్రే పట్టదు, నిద్ర పట్టని పక్షినీ నిద్రపోయిన పక్షినీ పోలిస్తే వచ్చే తేడా కాలిదో నిద్రదో మళ్లీ తెలియదు. కాబట్టి బలవంతపెట్టకుండా, తమంతట తామే రెండు కాళ్ల మీద కునుకు తీసే ఆ కొద్ది పక్షుల కోసం కాచుకుని కూర్చోవాలి, అవి ఉంటాయి, ఫిలడెల్ఫియాలోనూ ఉన్నాయి, పులికాట్‌లోనూ ఉన్నాయి.